చౌటుప్పల్‌లో సరుకు దించాక ముందు యాక్సిల్ ఎందుకు బరువెక్కింది?

(హైదరాబాద్ శివారు పెద్ద అంబర్‌పేటలో డిస్పాచ్ సూపర్‌వైజర్లు, లోడింగ్ మేస్త్రీలు, డ్రైవర్లతో జరిగిన ఒక సమావేశంలోని ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మేస్త్రీలు వెనక కూర్చున్నారు, కొంచెం ముందుకు రండి. ఈరోజు మాట్లాడేది ఎక్కువగా మీ పని గురించే.

మనం లోడ్ గురించి మాట్లాడినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని టన్నులు ఎక్కింది?" కాటా మీద బండి నిలబెడతాం, చీటీ తీసుకుంటాం, పరిమితిలో ఉంటే గేటు తీస్తాం. ఒకే ఊళ్లో మొత్తం సరుకు దించే బండికి ఇది చాలావరకు సరిపోతుంది. కానీ నాలుగు ఊళ్లలో దించుకుంటూ వెళ్లే బండికి గేటు దగ్గర ఒక బరువు, మొదటి ఊరు దాటాక ఇంకో బరువు, రెండో ఊరు దాటాక మరో బరువు ఉంటాయి. గేటు దగ్గర బాగున్న లోడ్ దారిలో చెడిపోవచ్చు. ఏమీ ఎక్కించకుండా, కేవలం దించడం వల్ల చెడిపోవచ్చు. అదెలాగో ఒక్క ఉదాహరణతో చూద్దాం. ఆర్డర్లు నేను లెక్క కోసం తీసుకున్నవి, కానీ ఇలాంటి లోడ్ మీలో చాలామంది వారానికోసారైనా ఎక్కిస్తారు.

ముందుగా పరిమితులు. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువులను పెంచింది. రెండు యాక్సిళ్ల లారీకి, అంటే మన ఆరు టైర్ల బండికి, సరుకుతో కలిపి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెరిగింది. అందులో ముందు యాక్సిల్‌కు 7 టన్నులు, నాలుగు టైర్లున్న వెనక యాక్సిల్‌కు 11.5 టన్నులు. చాలామంది 18.5 గుర్తుపెట్టుకుంటారు, 7 మర్చిపోతారు. పాత బండి అయితే ఆర్‌సీలో ఏం రాసి ఉందో అదే చూడాలి. కొత్త నిబంధన వచ్చింది కదా అని పాత బండి మీద కొత్త బరువు వేయకూడదు. ఇక జరిమానా సంగతి మీకు తెలిసిందే. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా మనదే.

ఇప్పుడు బండి. ఖాళీ బండి బరువు, డ్రైవరు, డీజిలుతో కలిపి 6,500 కిలోలు. అందులో ముందు యాక్సిల్ మీద 3,600, వెనక 2,900. రెండు యాక్సిళ్ల మధ్య దూరం, అదే వీల్‌బేస్, 5 మీటర్లు. బాడీ పొడవు 6 మీటర్లు. బాడీ క్యాబిన్ గోడ దగ్గర, ముందు యాక్సిల్‌కు 70 సెంటీమీటర్లు వెనక్కి మొదలవుతుంది. అంటే బాడీ చివర వెనక యాక్సిల్ దాటి ఇంకో 1.7 మీటర్లు ఉంటుంది. మీ బండి కొలతలు వేరుగా ఉంటాయి. టేపు పట్టుకుని ఒకసారి కొలిచి రాసుకుంటే చాలు, ఆ బండి అమ్ముడయ్యేదాకా పనికొస్తాయి.

సరుకు విజయవాడ హైవే మీద నాలుగు చోట్లకి. మొదట చౌటుప్పల్ డీలరుకు బిస్కెట్లు, సబ్బులు కలిపి 1,600 కిలోలు. తర్వాత నకిరేకల్‌కు 2,000. సూర్యాపేటకు 3,200, అందులో గోధుమపిండి బస్తాలు 2,400, మిగతా 800 బిస్కెట్లు. చివరగా కోదాడకు 218 నూనె టిన్నులు, టిన్ను 16 కిలోల లెక్కన దాదాపు 3,500 కిలోలు, దాంతోపాటు చిప్స్ కార్టన్లు 200 కిలోలు. మొత్తం 10,500. బండి బరువు కలిపితే 17,000. పరిమితికి ఇంకా టన్నున్నర కింద ఉన్నాం. ఎవరికీ టెన్షన్ లేదు.

మేస్త్రీ ఎలా ఎక్కిస్తాడు? చివర దించేది ముందు ఎక్కించాలి, అది అందరికీ తెలిసిన సూత్రమే. కాబట్టి కోదాడ నూనె క్యాబిన్ గోడకు ఆనించి, టిన్ను మీద టిన్ను నాలుగు వరుసలు పేరుస్తాడు. నాలుగుకు మించకూడదని అతనికి తెలుసు. పైన తేలికైన చిప్స్. తర్వాత సూర్యాపేట, తర్వాత నకిరేకల్, తలుపు దగ్గర చౌటుప్పల్. దించే వరుస సరిగ్గా ఉంది, పేర్చడం సరిగ్గా ఉంది, మొత్తం బరువు సరిగ్గా ఉంది. చూసినవాళ్లు శభాష్ అంటారు.

ఇప్పుడు యాక్సిల్ లెక్క వేద్దాం. భయపడకండి, ఒకే సూత్రం. ఏ సరుకైనా దాని నడిమధ్య భాగం ముందు యాక్సిల్ నుంచి ఎంత దూరంలో ఉందో చూడాలి. ఆ దూరాన్ని వీల్‌బేస్‌తో భాగిస్తే, ఆ సరుకులో ఎంత భాగం వెనక యాక్సిల్ మీద పడుతుందో వస్తుంది. మిగిలింది ముందు యాక్సిల్‌ది.

కోదాడ సరుకు 1.4 మీటర్ల పొడవు ఆక్రమించింది. దాని మధ్యభాగం ముందు యాక్సిల్ నుంచి 1.4 మీటర్లలో ఉంది. 1.4ని 5తో భాగిస్తే 28 శాతం. అంటే 3,700 కిలోల్లో 28 శాతమే వెనక్కి వెళ్లింది, 2,664 కిలోలు ముందు యాక్సిలే మోస్తోంది. సూర్యాపేట సరుకు నుంచి ఇంకో 1,344. నకిరేకల్ దాదాపు వెనక చక్రాల మీదే ఉంది కాబట్టి ముందుకు వచ్చేది 240 మాత్రమే.

ఇక చౌటుప్పల్ సరుకు. దాని మధ్యభాగం 5.9 మీటర్లలో ఉంది. వీల్‌బేస్ 5 మీటర్లే. భాగిస్తే 118 శాతం వస్తుంది. నూరు కంటే ఎక్కువ ఎలా వస్తుందని అడగొచ్చు. ఏతం గుర్తుందా? ఒక కొసన బరువు పడితే రెండో కొస లేస్తుంది. వెనక యాక్సిల్ దాటి పెట్టిన సరుకు కూడా అంతే, ముందు యాక్సిల్‌ను పైకి లేపుతుంది. ఇక్కడ అది 288 కిలోలు లేపుతోంది.

అన్నీ కలిపితే గేటు దగ్గర ముందు యాక్సిల్ మీద 7,560 కిలోలు. పరిమితి 7,000. మొత్తం బరువు టన్నున్నర తక్కువగా ఉన్నా ముందు యాక్సిల్ 560 కిలోలు ఎక్కువ.

ఇప్పుడు చౌటుప్పల్ వెళ్లి 1,600 కిలోలు దించాం. బండి తేలికైంది. కానీ ముందు యాక్సిల్‌ను పైకి లేపుతున్న బరువే పోయింది కదా. ఇప్పుడు ముందు యాక్సిల్ మీద 7,848. దించిన తర్వాత పెరిగింది. నకిరేకల్‌లో ఇంకో రెండు టన్నులు దించినా 7,608. కొర్లపహాడ్ టోల్ దాటేటప్పటికి బండి మొత్తం బరువు 13.4 టన్నులే, అయినా ముందు యాక్సిల్ గేటు దగ్గరకంటే ఎక్కువ మోస్తోంది. డ్రైవరేమో మూడో వంతు లోడ్ దిగిపోయిందని కొంచెం వేగం పెంచుతాడు. స్టీరింగ్ బరువుగా ఉన్నా, బ్రేకు వేస్తే ముందుకు కూలబడుతున్నట్టున్నా దాన్ని లోడ్‌తో ముడిపెట్టడు, పవర్ స్టీరింగ్ ఆయిల్ చూపించమంటాడు. కొన్నాళ్లకు ముందు టైర్ల భుజాలు అరుగుతాయి, పట్టీలు వంగుతాయి. అప్పుడు టైరు కంపెనీని తిడతాం.

దీన్ని ఎలా సరిచేయాలి? చాలామందికి తట్టే మొదటి ఆలోచన నూనెను వెనక్కి తేవడం. తెస్తే కోదాడ సరుకు తలుపు దగ్గర ఉంటుంది, ప్రతి ఊళ్లో 218 టిన్నులు దించి మళ్లీ ఎక్కించాలి. హమాలీలు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మనం "చివర దించేది ముందు" అన్న మాటను ఎప్పుడూ పొడవునే చూస్తాం. ఎత్తులో కూడా చూడొచ్చు. చివర దించేది అడుగున, ముందు దించేది దాని మీద. కోదాడ నూనె బాడీ నేల మీద పరిచి, దాని మీద ప్లై షీట్లు వేసి, ఆ పైన సూర్యాపేట, నకిరేకల్ సరుకు పెడితే దించే వరుస చెడదు. బరువైంది కింద, తేలికైంది పైన, కాబట్టి పేర్చే నియమం కూడా చెడదు. చిప్స్‌ను మాత్రం విడదీసి క్యాబిన్ గోడ దగ్గర నిలువునా అర మీటరు మందంలో పేర్చాలి. అవి 200 కిలోలే, ముందు యాక్సిల్‌కు పెద్ద లెక్క కాదు, పైగా బరువైనవాటిని అర మీటరు వెనక్కి నెట్టే పని ఊరికే చేసిపెడతాయి.

ఇక్కడ పేర్చడం గురించి ఒక్క మాట ఆగి చెప్పాలి. నాలుగు వరుసల పరిమితి అంటే అడుగు టిన్ను తన మీద మూడు టిన్నులు, అంటే 48 కిలోలు మోయగలదని అర్థం. ఆ మూడూ నూనె టిన్నులే కావాలని లేదు. పిండి బస్తాలు పెట్టినా లెక్క అదే. ఒక చదరపు మీటరులో దాదాపు 18 టిన్నులు పడతాయి. ఒకే వరుస టిన్నుల మీద 2,400 కిలోల పిండిని మూడు చదరపు మీటర్లలో పరిస్తే టిన్నుకు 44 కిలోలు పడుతుంది, పర్వాలేదు. అదే పిండిని రెండు చదరపు మీటర్లలో గుట్టగా పోస్తే 66 కిలోలు, అడుగు టిన్నుల మూలలు నొక్కుకుపోతాయి. మనవాళ్లు వరుసలు లెక్కపెడతారు కానీ, పైన వేరే సరుకు వచ్చేసరికి లెక్క ఆపేస్తారు. కార్టన్లైతే వానాకాలంలో ఇంకా జాగ్రత్త. తేమ పీల్చిన అట్టపెట్టె పొడి పెట్టెలా మోయలేదు, పెట్టె మీద ముద్రించిన వరుసల కంటే ఒకటి రెండు తగ్గించుకోవాలి.

సరే, నూనెను చిప్స్ వెనక నుంచి నకిరేకల్ సరుకు చివరిదాకా నేల మీద సమంగా పరిచాం అనుకోండి. దాని మీద ముందు భాగంలో సూర్యాపేట, వెనక భాగంలో నకిరేకల్. తలుపు దగ్గర చౌటుప్పల్, ఎప్పట్లాగే. గేటు దగ్గర ముందు యాక్సిల్ 6,850కి దిగింది. కాటా చీటీ బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు.

చౌటుప్పల్‌లో దించి చూడండి. 288 కలుస్తాయి. దాదాపు 7,140. మళ్లీ దాటిపోయింది. గేటు దగ్గర కాటా వేసిన ఏ సూపర్‌వైజరుకూ ఇది కనబడదు. అందుకే ఈ బండికి ఒక లెక్క కాదు, ప్రతి ఊరు దాటాక ఒక లెక్క చొప్పున వేయాలి. పెద్ద పని కాదు, ఒక్కో ఊరి సరుకును ఒక్కో వరుసలో పట్టికగా రాసుకుని, దించిన సరుకు వరుసను సున్నా చేసి చూడటమే.

ఇంకా రెండు మార్పులు చేయొచ్చు. మొదటిది, ఒకే డీలరు సరుకులో లోపలి వరుస మన ఇష్టం. సూర్యాపేటకు పిండి, బిస్కెట్లు రెండూ అక్కడే దిగుతాయి. కాబట్టి బిస్కెట్లు క్యాబిన్ వైపు, పిండి తలుపు వైపు. రెండోది, నూనెను సమంగా కాకుండా సూర్యాపేట సరుకు కింద ఒక వరుస, నకిరేకల్ సరుకు కింద రెండు వరుసలు పెట్టడం. నకిరేకల్ సరుకు తేలిక, రెండు వరుసల నూనె మీద పెట్టినా అడుగు టిన్ను మీద 43 కిలోలే పడుతుంది. ఇప్పుడు గేటు దగ్గర ముందు యాక్సిల్ 6,570, చౌటుప్పల్ తర్వాత 6,860, నకిరేకల్ తర్వాత 6,540. అన్ని దశల్లోనూ 7,000 లోపే.

అయినా నేనైతే ఈ బండికి ఇంకా గేటు తీయను. 6,860 అంటే మిగులు 140 కిలోలే. చౌటుప్పల్ తర్వాత బండిలో 8,900 కిలోల సరుకు ఉంటుంది. మొత్తం పేర్పు మనం అనుకున్నదానికంటే పది సెంటీమీటర్లు ముందుకు జరిగినా దాదాపు 180 కిలోలు ముందు యాక్సిల్ మీదకు వస్తాయి. హమాలీలు పది సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో పేర్చాలని ఆశించడం అన్యాయం. కాబట్టి ముందు భాగంలోని ఓ ముప్పై టిన్నులు తీసి, తలుపు దగ్గర చౌటుప్పల్ సరుకు అడుగున ఒకే వరుసగా పెడతాను. ఆ ఒక్క మార్పుతో 300 కిలోలకు పైగా ముందు నుంచి వెనక్కి వెళ్తుంది. చౌటుప్పల్ తర్వాత ముందు యాక్సిల్ 6,550 దగ్గర ఉంటుంది. దీనికి ఖర్చు ఉంది. నకిరేకల్, సూర్యాపేటల్లో హమాలీలు ఆ ముప్పై టిన్నుల మీద పరిచిన ప్లై మీద నడుస్తూ దించాలి, విసుక్కుంటారు. కోదాడ టిన్నులు రెండు చోట్ల ఉన్నాయని డ్రైవరు చీటీలో రాయకపోతే ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది. ఆ విసుగు నాకు సమ్మతమే. వెనక యాక్సిల్ సంగతేమిటంటారా? గేటు దగ్గర దాదాపు 10,740, పరిమితి 11,500. అక్కడ చోటుంది, మనం వాడుకున్నది ఆ చోటునే.

లెక్క సరైందో లేదో తెలుసుకోవడం సులువు. కాటా దగ్గర మొదట ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీదకు ఎక్కించి చీటీ తీయండి, తర్వాత బండి మొత్తం ఎక్కించి ఇంకోటి. తేడాయే వెనక యాక్సిల్. ప్లాట్‌ఫాం, పక్కనున్న నేల ఒకే మట్టంలో ఉండాలి. ముందు చక్రాలు తూచేటప్పుడు బండి ఆగాక బ్రేకు వదిలేయాలి, బిగబట్టి ఉంచితే లెక్క తేడా వస్తుంది. కొత్త పేర్పు మొదటిసారి వేసినప్పుడు చౌటుప్పల్ దాటాక దగ్గర్లోని కాటా మీద ముందు చక్రాలు ఒకసారి తూయించండి. కాటా డబ్బులు కంపెనీ ఇస్తుందా అని అడక్కండి, ఇవ్వాలి.

ఇక ప్రశ్నలు.

(ఒక డ్రైవరు లేచి: "సార్, చిప్స్ ముందు పెట్టమన్నారు. నేను సడన్ బ్రేకు కొడితే వెనకున్న పిండి, నూనె అన్నీ చిప్స్ మీదకే కదా వచ్చేది?")

మంచి ప్రశ్న అన్నా. అది నేనే చెప్పాల్సింది. గట్టి బ్రేకు వేస్తే సరుకు ముందుకు తోసుకొస్తుంది. క్యాబిన్ గోడకు ఆనించిన నూనె గోడ మీద ఆగుతుంది, ఇక్కడ మధ్యలో మెత్తటి చిప్స్ ఉన్నాయి. కాబట్టి చిప్స్ వెనక ప్లై షీటు నిలువుగా పెట్టి, దానికి అడ్డంగా రెండు బార్లు, ఒకటి నేల దగ్గర టిన్నులు జారకుండా, ఇంకొకటి నడుము ఎత్తున, బాడీ పక్కలకు బిగించాలి. మీ బాడీలో బార్లు బిగించే పట్టాలు లేకపోతే ఈ పేర్పు వేయొద్దు. అప్పుడు చిప్స్‌ను వెనక పెట్టి, నూనెలో కొంత వేరే బండికి మార్చడమే మేలు.

(ఇంకొకరు: "చౌటుప్పల్ డీలరు షాపు మూసేశాడనుకోండి. ఆ సరుకు వెనకే ఉండిపోతుంది కదా.")

బరువు పరంగా మీకు నష్టం లేదు. అది దిగకపోతే ముందు యాక్సిల్ గేటు దగ్గరున్నట్టే ఉంటుంది. ఇబ్బంది నకిరేకల్‌లో, తలుపు దగ్గరున్న చౌటుప్పల్ సరుకు పక్కకు తీయాల్సి వస్తుంది. తీసినవాళ్లు మళ్లీ సర్దేటప్పుడు నకిరేకల్ ఖాళీ చేసిన చోటులోకి, అంటే ముందుకు తోసేస్తారు. అలా చేయనివ్వకండి. దాన్ని తలుపు దగ్గరే మళ్లీ పెట్టి, ముందు ఖాళీ వైపు పడకుండా బెల్టుతో కట్టండి.

(ఒక సూపర్‌వైజర్: "అయితే ముందు యాక్సిల్ ఎంత తక్కువుంటే అంత మంచిదా?")

కాదండి. బరువంతా వెనక యాక్సిల్ అవతలికి నెడితే ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది, బండి మాత్రం తిరగదు. వానలో ఇది మరీ ప్రమాదం. మొత్తం బరువులో కనీసం నాలుగో వంతు ముందు యాక్సిల్ మీద ఉండేలా నేను చూసుకుంటాను. మన ఉదాహరణలో ఏ దశలోనూ ఆ సమస్య రాలేదు. అదే రూట్‌ను తిరగేసి, నూనె మొదటి ఊరిదై తలుపు దగ్గరకు వచ్చిందనుకోండి, అప్పుడు ముందుగా చూడాల్సింది దీన్నే. రేపు మీ గోదాంలో ఉన్న కోదాడ రూట్ షీటు తీసి ఈ నాలుగు దశల లెక్క వేసి చూడండి. ఏ దశలో ఏ యాక్సిల్ దాటిందో రాసి నాకు పంపితే, ఎక్కడ ఏది మార్చొచ్చో కూర్చుని చూద్దాం.